తాళం దగ్గర తిరిగే ప్రాసెసర్లు

ఒకే మెమరీని చాలా కోర్లు పంచుకునే కంప్యూటర్లో, ఒక పనిని ఒకసారికి ఒక్క కోరే చేసేలా కాపలా కాసే అతి చిన్న తాళం స్పిన్‌లాక్. దాని ఒళ్ళంతా కలిపి మెమరీలో ఒకే ఒక గడి. అందులో 0 ఉంటే తాళం తీసి ఉన్నట్టు, 1 ఉంటే వేసి ఉన్నట్టు. తాళం వేసి ఉందని తెలిసిన కోర్ వేరే పని చూసుకోవడానికి వెళ్ళదు, నిద్రపోదు. తీశారా, తీశారా అని ఆ గడినే మళ్ళీ మళ్ళీ అడుగుతూ చిన్న లూప్‌లో తిరుగుతూ ఉంటుంది. ఇంగ్లీషులో స్పిన్ అంటే గిరగిర తిరగడం. పేరు అలా వచ్చింది.

ఇలాంటి తాళం ఎందుకు కావాలో ఒక లెక్కతో చూడవచ్చు. పెద్ద ఫైళ్ళ గుట్టలో ఒక పదం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టే ప్రోగ్రాం ఉందనుకుందాం. పనిని నాలుగు కోర్లు పంచుకున్నాయి. పదం కనిపించినప్పుడల్లా ప్రతి కోరూ ఉమ్మడి లెక్కకు ఒకటి కలుపుతుంది. కలపడం అంటే ఒక్క పనిలా కనిపిస్తుంది కానీ లోపల మూడు పనులున్నాయి: పాత విలువ చదవడం, ఒకటి కలపడం, కొత్త విలువ రాయడం. లెక్క 41 దగ్గర ఉన్నప్పుడు రెండు కోర్లు ఒకేసారి చదివితే రెండిటికీ 41 కనిపిస్తుంది, రెండూ 42 రాస్తాయి. పదం రెండుసార్లు దొరికినా లెక్క ఒకటే పెరిగింది. తప్పు జరిగినట్టు ఏ సందేశమూ రాదు. చివరి మొత్తం మాత్రం అసలు కంటే తక్కువగా, నడిపిన ప్రతిసారీ వేరుగా వస్తుంది. నిజానికి ఇంత చిన్న లెక్కకు తాళం లేకుండానే పనిచేసే అటామిక్ కూడిక చాలు. కానీ ఒకదానితో ఒకటి ముడిపడ్డ రెండు మూడు విలువలను కలిపి మార్చాల్సి వస్తే తాళం తప్పదు.

తాళాన్ని మామూలు కోడ్‌తో రాయబోతే అదే గొడవ తాళానికే చుట్టుకుంటుంది. గడిలో 0 ఉందా అని చూసి, ఉంటే 1 రాయాలని రాశారనుకుందాం. చూడడానికీ రాయడానికీ మధ్య సందు ఉంది. ఆ సందులో ఇంకో కోర్ కూడా 0 చూసేస్తే రెండూ తాళం తమదేనని లోపలికి వస్తాయి. లెక్కను కాపాడాల్సిన తాళానికే ఇంకో తాళం కావాల్సి వస్తుంది. ఈ ముడిని మామూలు చదవడం, రాయడం మాత్రమే వాడి విప్పే పద్ధతులు 1960ల నుంచే ఉన్నా, అవి చిక్కుగా, నెమ్మదిగా ఉంటాయి. ఆచరణలో నిలిచింది హార్డ్‌వేర్ ఇచ్చిన సాయమే.

ఆ సాయం పేరు టెస్ట్ అండ్ సెట్. గడిలో 1 రాయడం, అంతకుముందు అందులో ఏముందో చెప్పడం అనే రెండు పనులనూ కలిపి, మధ్యలో ఎవరూ దూరలేని ఒకే అడుగుగా చేసే ఆదేశం ఇది. ఇలా విడదీయడానికి వీల్లేని పనినే అటామిక్ అంటారు. ఐబీఎం సిస్టమ్/360 యంత్రాల్లో `TS` అనే ఆదేశం ఇదే పని చేసేది. ఇప్పటి ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలో మెమరీ మీద `xchg` ఆదేశం ఆ పాత్ర పోషిస్తుంది. ఎన్ని కోర్లు ఒకేసారి ఈ ఆదేశం ఇచ్చినా హార్డ్‌వేర్ వాటిని ఒకదాని తర్వాత ఒకటి వరుసలో పెడుతుంది. మొదటిదానికి 0 జవాబుగా వస్తుంది, తాళం దానిది. మిగిలిన అన్నిటికీ 1 వస్తుంది.

సీ భాషలో 2011 ప్రమాణం నుంచి ఇది అన్ని యంత్రాల మీదా ఒకేలా రాయవచ్చు. పూర్తి స్పిన్‌లాక్ ఇంతే:

```c
#include <stdatomic.h>

atomic_flag lk = ATOMIC_FLAG_INIT;

void lock(void) {
    while (atomic_flag_test_and_set_explicit(
               &lk, memory_order_acquire))
        ;
}

void unlock(void) {
    atomic_flag_clear_explicit(&lk, memory_order_release);
}
```

జవాబు 1 అయినంతసేపు `while` తిరుగుతుంది. 0 వచ్చిన క్షణంలో లూప్ ఆగుతుంది. అప్పటికే గడిలో 1 రాసేసి ఉంది కాబట్టి తాళం వేయడానికి వేరే అడుగు అక్కర్లేదు. పని అయ్యాక `unlock` గడిలో 0 పెడుతుంది. అందులో `acquire`, `release` అనే మాటలు అలంకారానికి పెట్టినవి కావు. వేగం కోసం కంపైలరూ ప్రాసెసరూ కూడా మెమరీ పనుల వరుసను అటూ ఇటూ మారుస్తాయి. తాళం లోపల చేయాల్సిన పని తాళం దొరకకముందే మొదలవకుండా మొదటి మాట అడ్డుకుంటుంది. తాళం తీశాక కూడా ఆ పని మిగిలిపోకుండా రెండోది అడ్డుకుంటుంది. ఈ రెండు మాటలూ లేకపోతే తాళం సరిగ్గా పడుతూనే ఉన్నా లెక్క తప్పవచ్చు. అలాంటి తప్పును వెతికి పట్టుకోవడం ప్రోగ్రామర్లకు మహా కష్టం.

పోటీ లేనప్పుడు ఈ తాళానికి సాటి వచ్చేవి తక్కువ. గడి తన క్యాష్‌లోనే ఉన్న కోర్‌కు తాళం వేయడానికి పట్టేది కొన్ని పదుల ప్రాసెసర్ సైకిళ్ళు, అంటే కొద్ది నానోసెకన్లు. ఆపరేటింగ్ సిస్టమ్‌ను పలకరించే అవసరమే లేదు. చిక్కంతా ఒకే తాళం కోసం చాలా కోర్లు ఎగబడినప్పుడు మొదలవుతుంది.

ఆ చిక్కు అర్థం కావాలంటే క్యాష్ సంగతి కొంచెం తెలియాలి. ప్రధాన మెమరీ దూరం, దాన్ని చేరడానికి వంద నానోసెకన్ల దాకా పట్టవచ్చు. అందుకే ప్రతి కోరూ తరచూ వాడే సమాచారం నకళ్ళను తన పక్కనే చిన్న క్యాష్‌లో ఉంచుకుంటుంది. నకళ్ళు ఒక్కో గడిగా రావు, క్యాష్ లైన్ అనే ముక్కలుగా వస్తాయి. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలో ఒక లైన్ 64 బైట్లు. నకళ్ళు చాలా చోట్ల ఉంటే అవన్నీ ఒకే మాట చెప్పాలి కదా. దానికి హార్డ్‌వేర్ ఒక గట్టి నియమం పాటిస్తుంది: చదవడానికైతే ఒకే లైన్ నకళ్ళు ఎన్ని కోర్ల దగ్గరైనా ఉండవచ్చు, రాయాలంటే మాత్రం ఆ లైన్ రాసే కోర్ దగ్గర ఒక్కచోటే ఉండాలి, మిగతా నకళ్ళన్నీ రద్దు కావాలి.

టెస్ట్ అండ్ సెట్ అసలు లోపం ఈ నియమం పక్కన పెట్టి చూస్తేనే కనిపిస్తుంది. అది ఎప్పుడూ రాస్తుంది. తాళం దొరకని కోర్ కూడా రాస్తుంది. గడిలో ముందే 1 ఉంది, అది మళ్ళీ 1 రాస్తుంది, విలువ ఏమీ మారదు. అయినా హార్డ్‌వేర్ దృష్టిలో అది రాతే. కాబట్టి విఫలమైన ప్రతి ప్రయత్నమూ ఆ క్యాష్ లైన్‌ను వేరే కోర్ నుంచి లాక్కుని తన దగ్గరకు తెచ్చుకుంటుంది. ఎదురుచూస్తున్న కోర్ చేతులు కట్టుకుని నిలబడినట్టు కోడ్‌లో అనిపిస్తుంది. యంత్రం లోపల అది క్షణం ఊరుకోవడం లేదు.

నాలుగు కోర్లతో ఒక సందర్భాన్ని అడుగడుగునా చూద్దాం. లైన్ ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కు చేరడానికి 50 నానోసెకన్లు పడుతుందని, తాళం లోపలి పని 20 నానోసెకన్లదని ఉదాహరణకు అనుకుందాం. 0వ కోర్ తాళం వేసుకుంది, లైన్ దాని దగ్గర ఉంది. వెంటనే 1వ కోర్ ప్రయత్నించింది: లైన్ దాని దగ్గరకు వెళ్ళింది, జవాబు 1. తర్వాత 2వ కోర్, ఆపైన 3వ కోర్, మళ్ళీ 1వ కోర్. లైన్ వీటి మధ్య బంతిలా చేతులు మారుతోంది. ఇంతలో 0వ కోర్ పని 20 నానోసెకన్లలో అయిపోయింది. ఇక గడిలో 0 పెట్టాలి. పెట్టడమూ రాతే కాబట్టి దానికీ లైన్ కావాలి, కానీ లైన్ తన దగ్గర లేదు. తాళం యజమాని అన్న ప్రత్యేక గౌరవం హార్డ్‌వేర్‌లో లేదు. దాని విన్నపమూ మిగతావాటితో పాటు వరుసలో నిలబడాల్సిందే. ముందున్న మూడు కోర్ల వంతులు గడవడానికి 150 నానోసెకన్లు, తన వంతుకు ఇంకో 50. 20 నానోసెకన్ల పని కోసం తాళం 220 నానోసెకన్లు వేసినట్టే కనిపించింది. ఆ 200 నానోసెకన్లలో లోపల ఎవరూ లేరు, బయటివాళ్ళు లోపలికి రాలేరు.

అంటే ఎదురుచూసే కోర్లు తమ సమయాన్నే కాదు, తాము ఎవరికోసం ఎదురుచూస్తున్నాయో ఆ కోర్ సమయాన్నీ తినేస్తున్నాయి. కోర్ల సంఖ్య పెరిగేకొద్దీ వరుస పెరుగుతుంది, తాళం తెరుచుకోవడం ఇంకా ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యంలో ఇంకో కోర్ వచ్చి చేరుతుంది. స్పిన్‌లాక్ గురించి ఒక్క విషయమే గుర్తుంచుకోవాలంటే ఇదే గుర్తుంచుకోవాలి. తాళం గడీ, తాళం కాపాడే లెక్కా ఒకే 64 బైట్ల లైన్‌లో పడితే పరిస్థితి మరీ చెడుతుంది. అప్పుడు లోపల పని చేసుకుంటున్న కోర్‌కు తన లెక్కే చేతికి అందదు. దాన్ని ముట్టుకోబోయిన ప్రతిసారీ లైన్ వేరేచోట ఉంటుంది. అందుకే పోటీ ఎక్కువగా ఉంటుందని తెలిసిన చోట తాళాన్ని, సమాచారాన్ని వేర్వేరు లైన్లలో పెడతారు.

ఈ రద్దీ ఖర్చు అసలు లేదనుకున్నా వృథా పోదు. ఎనిమిది కోర్లు ఒకే క్షణంలో తాళం దగ్గరకు వచ్చాయి, ఒక్కోదానికి లోపల 1 మైక్రోసెకన్ పని ఉంది అనుకుందాం. మొదటి కోర్ ఆగదు, రెండోది 1 మైక్రోసెకన్, మూడోది 2, ఎనిమిదోది 7 ఆగుతాయి. కూడితే 28. అసలు పని 8 మైక్రోసెకన్లు, ఊరికే తిరిగింది 28. అదే 32 కోర్లయితే పని 32, తిరగడం 496. కోర్లు నాలుగింతలైతే వృథా దాదాపు పద్దెనిమిదింతలైంది. తిరుగుతున్న కోర్ కరెంటు తాగుతుంది, వేడెక్కుతుంది. ఒకే కోర్ మీద రెండు థ్రెడ్లను నడిపే ప్రాసెసర్లలో పక్క థ్రెడ్‌కు అందాల్సిన వనరులనూ లాక్కుంటుంది.

రాత వల్ల వచ్చే రద్దీకి మందు 1984లోనే దొరికింది. లారీ రుడాల్ఫ్, జారీ సెగాల్ సూచించిన ఆ మార్పు పేరు టెస్ట్ అండ్ టెస్ట్ అండ్ సెట్. ముందు చదివి చూడాలి. 0 కనిపిస్తేనే రాయడానికి ప్రయత్నించాలి. సీ 2011లో `atomic_flag` విలువను ఊరికే చదివే వీలు లేదు కాబట్టి `atomic_bool` వాడాలి:

```c
#include <stdatomic.h>
#include <stdbool.h>
#include <immintrin.h>

atomic_bool lk;   /* false */

void lock(void) {
    while (atomic_exchange_explicit(
               &lk, true, memory_order_acquire))
        while (atomic_load_explicit(
                   &lk, memory_order_relaxed))
            _mm_pause();
}
```

లోపలి లూప్‌లో చదవడమే ఉంది. చదివే నకళ్ళు అందరి దగ్గరా ఉండవచ్చు కాబట్టి ఎదురుచూసే ప్రతి కోరూ తన క్యాష్‌లోనే తిరుగుతుంది, బయట అలికిడి ఉండదు. `_mm_pause` ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లకు ప్రత్యేకం. ఇది ఎదురుచూసే లూప్ అని ప్రాసెసర్‌కు చెప్పి వేగం తగ్గిస్తుంది, పక్క థ్రెడ్‌కు చోటిస్తుంది. అయితే తాళం తెరుచుకునే క్షణంలో పాత రద్దీ తిరిగొస్తుంది. 0 రాయగానే అన్ని నకళ్ళూ రద్దవుతాయి, అన్ని కోర్లూ కొత్త నకలు తెచ్చుకుంటాయి, అన్నిటికీ 0 కనిపిస్తుంది, అన్నీ ఒక్కసారిగా టెస్ట్ అండ్ సెట్ మీద పడతాయి. ఒకటి గెలుస్తుంది, మిగిలినవి మళ్ళీ సర్దుకుంటాయి. లోపలి పని పెద్దదైతే ఈ తొక్కిసలాట లెక్కలోకి రాదు. పని మరీ చిన్నదైతే కోర్లు సర్దుకునేలోపే తాళం మళ్ళీ తెరుచుకుంటుంది, లాభం చాలావరకు కరిగిపోతుంది.

థామస్ ఆండర్సన్ 1990లో ఈ పద్ధతులన్నిటినీ పక్కపక్కన పెట్టి కొలిచి చూపించారు. ప్రయత్నం విఫలమైన కోర్ కొంచెం ఆగి, మళ్ళీ విఫలమైతే అంతకు రెట్టింపు ఆగి ప్రయత్నించడం ఆయన పరిశీలించిన దారుల్లో ఒకటి. రద్దీ తగ్గుతుంది కానీ ఎంత ఆగాలన్న అంకె యంత్రాన్ని బట్టి మారుతుంది; ఎక్కువ ఆగిన కోర్ తాళం ఖాళీగా ఉన్నా వెనకబడుతుంది. మరుసటి ఏడాది జాన్ మెల్లర్ క్రమ్మీ, మైఖేల్ స్కాట్ ప్రచురించిన తాళంలో కోర్లు వరుసలో నిలబడతాయి. ప్రతి కోరూ తనకంటూ ఉన్న సొంత గడిని చూస్తూ తిరుగుతుంది, వెళ్ళేవాడు తర్వాతివాడి గడిని మాత్రమే మారుస్తాడు. తొక్కిసలాట ఉండదు, వచ్చిన వరుసలోనే వంతు వస్తుంది. మామూలు టెస్ట్ అండ్ సెట్‌లో ఆ న్యాయం లేదు. లైన్‌కు దగ్గరగా ఉన్న కోరే పదేపదే గెలిచి, దూరంగా ఉన్నది చాలాసేపు వంతు రాకుండా ఉండిపోవచ్చు. లైనక్స్ కెర్నెల్ 2008లో 2.6.25 కూర్పుతో టోకెన్ల పద్ధతికి, 2015లో 4.2 కూర్పుతో మెల్లర్ క్రమ్మీ, స్కాట్ వరుస మీద ఆధారపడిన తాళానికి మారింది.

ఎంత తెలివైన వరుసైనా బాగుచేయలేని వృథా ఇంకొకటి ఉంది. తాళం వేసుకున్న థ్రెడ్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ మధ్యలో ఆపేసి, ఆ కోర్‌ను వేరే థ్రెడ్‌కు ఇచ్చిందనుకుందాం. ఆ కొత్త థ్రెడ్‌కూ అదే తాళం కావాలి. అది తిరగడం మొదలుపెడుతుంది. తాళం తీయాల్సిన థ్రెడ్ ఆగి ఉంది, అది నడవాల్సిన కోర్ మీద ఇది తిరుగుతోంది. దీని వంతు 4 మిల్లీసెకన్లయితే, 3 గిగాహెర్ట్‌జ్ ప్రాసెసర్ మీద కోటీ ఇరవై లక్షల సైకిళ్ళు ఏ ప్రయోజనమూ లేకుండా పోయాయి. ప్రాధాన్యం కచ్చితంగా పాటించే వ్యవస్థలో తిరిగే థ్రెడ్‌కే ఎక్కువ ప్రాధాన్యం ఉంటే, ఆ కోర్ మీద కింది థ్రెడ్‌కు వంతు రాదు, తాళం తెరుచుకోదు. లైనక్స్ కెర్నెల్ ఈ ప్రమాదాన్ని ముందే తప్పిస్తుంది: స్పిన్‌లాక్ పట్టుకున్నంతసేపు ఆ కోర్ మీద థ్రెడ్ మార్పిడిని నిలిపేస్తుంది, అవసరమైన చోట ఇంటరప్ట్‌లనూ ఆపుతుంది. మామూలు ప్రోగ్రాంకు ఆ అధికారం లేదు. అందుకే కెర్నెల్ లోపల చక్కగా పనిచేసే తాళం అప్లికేషన్‌లో పెట్టగానే ఉన్నట్టుండి మొండికేస్తుంది. వర్చువల్ మెషీన్లలో ఇది ఇంకో మెట్టు పైన జరుగుతుంది. కెర్నెల్ తన థ్రెడ్‌ను ఆపకపోయినా, కింద ఉన్న హైపర్‌వైజర్ మొత్తం వర్చువల్ కోర్‌నే పక్కన పెట్టవచ్చు.

ఈ వృథాను గుర్తించడంలో పెద్ద మోసం `top` తెరమీదే ఉంటుంది. తిరుగుతున్న కోర్ ఆపరేటింగ్ సిస్టమ్ కళ్ళకు పని చేస్తున్న కోరే, కాబట్టి వాడకం నూరు శాతం చూపిస్తుంది. సర్వర్ బాగా కష్టపడుతోందని, కోర్లు చాలడం లేదని అనిపిస్తుంది. కోర్లు పెంచితే వృథా ఇంకా పెరుగుతుంది. నమ్మదగిన పరీక్ష వేరు: థ్రెడ్లను రెండు, నాలుగు, ఎనిమిది అని పెంచుతూ సెకనుకు ఎంత పని పూర్తయిందో కొలవాలి. వాడకం పెరుగుతూ పూర్తయిన పని ఆగిపోయినా, తగ్గినా తాళాన్ని అనుమానించాలి. అప్పుడు `perf top` చూస్తే ఎక్కువ సమయం `lock` లాంటి ఒక్క ఫంక్షన్‌లోనే, కెర్నెల్ లోపలైతే `native_queued_spin_lock_slowpath`లో పోతూ కనిపిస్తుంది. ఏ క్యాష్ లైన్ కోర్ల మధ్య చేతులు మారుతోందో `perf c2c` చూపిస్తుంది.

అప్లికేషన్లలో చాలావరకు మ్యూటెక్స్ సరిపోతుంది. లైనక్స్‌లో అది ఫ్యూటెక్స్ అనే కెర్నెల్ సదుపాయం మీద నడుస్తుంది. పోటీ లేకపోతే అదీ ఒక్క అటామిక్ ఆదేశంతోనే పని ముగిస్తుంది, కెర్నెల్‌ను పిలవదు. పోటీ ఉంటే థ్రెడ్‌ను నిద్రపుచ్చి కోర్‌ను వేరేవాళ్ళకు ఇస్తుంది. నిద్రపుచ్చి లేపడానికి కొన్ని మైక్రోసెకన్లు ఖర్చవుతాయి. తాళం లోపలి పని అంతకంటే బాగా చిన్నదై, తాళం పట్టుకున్న థ్రెడ్‌ను మధ్యలో ఎవరూ ఆపరన్న హామీ కూడా ఉన్నప్పుడు తిరగడమే చౌక. కెర్నెల్‌లోనూ, ఒక్కో థ్రెడ్‌కు ఒక్కో కోర్‌ను పూర్తిగా కేటాయించిన వ్యవస్థల్లోనూ ఆ రెండు షరతులూ కుదురుతాయి.